ముప్పై సెకన్లలో తొలి ఏకాదశి ఉపవాసం

తొలి ఏకాదశికి ముందు మా ఆలయ కమిటీ వారు నన్ను ఒక ప్రకటన రాసిమ్మన్నారు. ఉపవాసం ఎందుకో, ఎలా చేయాలో, ఆరోగ్యం విషయంలో ఏం జాగ్రత్త పడాలో, ఈ మూడూ అందులో ఉండాలి. నిడివి ముప్పై సెకన్లు. రెండు స్తోత్రాల మధ్య మైకులో వినిపించాలి, అదే ముక్కను భక్తుల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాలి. అంతకన్నా పొడవైతే వరుసలో నిలబడ్డవాళ్లు వినరని కమిటీ పెద్ద అన్నారు. ఆ మాటతో నేనూ ఏకీభవిస్తాను.

తెలుగులో ఇలాంటివి రాసేటప్పుడు మాటలు లెక్కపెట్టి లాభం లేదు. ‘పాలు’ ఒక మాటే, ‘తీసుకోవాల్సినవాళ్లకు’ కూడా ఒక మాటే. అందుకే నేను పలికే అక్షరాలు లెక్కపెడతాను. ఒత్తును విడిగా లెక్కించను, ‘పప్పులు’ నాకు మూడే. మైకు ముందు నిదానంగా చదివితే సెకనుకు ఆరు, ఆరున్నర అక్షరాలు వస్తాయి. వాక్యాల మధ్య విరామాలకు నాలుగు సెకన్లు తీసేస్తే మిగిలేది 26. అంటే మొత్తం 155 నుంచి 170 అక్షరాలు. ఆ సంచీలో పట్టినవే ఉంటాయి, పట్టనివి బయటే. ఈ లెక్క కాగితం పైన రాసుకున్నాకే రాయడం మొదలుపెట్టాను.

ముందు ఉద్దేశం. ఆషాఢ శుద్ధ ఏకాదశి నాడు విష్ణువు పాలకడలిలో యోగనిద్రలోకి వెళతాడనీ, కార్తిక శుద్ధ ఏకాదశి నాడు మేల్కొంటాడనీ, ఈ నాలుగు నెలలూ చాతుర్మాస్యమనీ చెప్పాలని ఎవరికైనా మనసవుతుంది. నాకూ అయింది. అయితే ఆ కథ చెబితేనే దాదాపు సగం సమయం అయిపోతుంది. పైగా గుడి వరుసలో నిలబడ్డవాళ్లలో చాలామందికి అది తెలిసిన కథే. వాళ్లకు తెలియాల్సింది, ఈ ఒక్క పూటా తిండి గొడవ పక్కన పెట్టేది మనసు దేవుడి మీద నిలవడానికే అన్న సంగతి. అది ఒక్క వాక్యంలో వస్తుంది.

కమిటీలో ఒకాయన ఇక్కడ మరో వాక్యం కలపమన్నారు: ఉపవాసం ఒంట్లోని విషాలన్నీ కడిగేస్తుందని. నేను ఒప్పుకోలేదు. ఒంట్లో పేరుకునే వ్యర్థాలను కాలేయం, మూత్రపిండాలు రోజూ బయటికి పంపుతూనే ఉంటాయి, దానికి ఏకాదశి దాకా ఆగవు. ఆ వాక్యంతో అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఉపవాసం మందులాంటిదని మైకులో చెబితే మొదట ముందుకొచ్చేది జబ్బుతో ఉన్నవాళ్లే. ఎవరు జాగ్రత్తగా ఉండాలని ఆ తర్వాతి వాక్యంలో చెప్పబోతున్నామో వాళ్లనే ముందు వాక్యంతో పిలిచినట్లవుతుంది. భక్తితో చేసే పనికి భక్తి కారణం చాలు. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నారు.

తర్వాత నియమాలు. వీటి కోసం అర్చక స్వామి దగ్గర కూర్చున్నాను. శాస్త్రంలో ఉన్నవన్నీ ఆయన ఓపిగ్గా చెప్పారు: దశమి నాడు ఒంటిపూట భోజనం, ఏకాదశి నాడు ఉపవాసం, రాత్రి జాగరణ, ద్వాదశి నాడు పారణ. ఉపవాసంలోనూ అంతరువులున్నాయి. నీళ్లు కూడా ముట్టని నిర్జలం, పండ్లూ పాలతో ఉండేది, పగలంతా ఉండి రాత్రి మాత్రం తినే నక్తం, ఒంటిపూట తినే ఏకభుక్తం. ‘ఎవరి శక్తి కొద్దీ వాళ్లు చేయాలి నాయనా, శక్తి లేనివాడు ఒక మెట్టు దిగితే తప్పు లేదు’ అన్నారాయన. ఆ నాలుగు మెట్లలో ప్రకటనకు ఒక్కదాన్నే ఎంచుకోవాలి. పండ్లు, పాలు, నీళ్లు ఉన్న మెట్టును ఎంచుకున్నాను. నిర్జలం పేరు ఎత్తలేదు. దాన్ని చేయగలిగినవాళ్లకు మైకు చెప్పక్కర్లేదు, చేయలేనివాళ్లకు అది వినిపించకపోవడమే మంచిది.

తినకూడనివాటిలో అన్నం, గోధుమలు, పప్పులు అని మూడే చెప్పాను. ధాన్యాలూ పప్పుధాన్యాలూ కూడదన్న నియమం ఆ మూడింటితో అందరికీ అర్థమవుతుంది. ఇక్కడే పేలాల పిండి సంగతి వచ్చింది. తొలి ఏకాదశి నాడు పేలాలు దంచి బెల్లం కలిపి తినడం మన ఇళ్లలో పాత ఆచారం. పేలాలు ధాన్యమే కదా, మరి ఉపవాస నియమం మాటేమిటి? స్వామిని అడిగితే, నిష్ఠగా ఉపవాసం చేసేవాళ్లు దాన్ని ద్వాదశికి ఉంచుకుంటారనీ, మిగతావాళ్లు ఆ రోజే ప్రసాదంగా తింటారనీ చెప్పారు. ఒక్కో ఇంటి ఆనవాయితీ ఒక్కోలా ఉండే ఇలాంటి విషయాన్ని ముప్పై సెకన్లలో తేల్చడం సరికాదనిపించింది. పేలాల పిండి ఊసు లేకుండానే వదిలేశాను.

పారణ మాత్రం వదలడానికి వీల్లేదు. ఎందుకంటే ఉపవాసం ఎప్పుడు ముగించాలో చెప్పకపోతే అది ఎంతసేపో ఎవరికీ తెలియదు. నియమం ప్రకారం మర్నాడు ద్వాదశి తిథి దాటకముందే భోజనం చేయాలి. ద్వాదశిలో మొదటి పావు భాగాన్ని హరివాసరం అంటారు, అది గడిచాక చేయాలి. కొన్నిసార్లు సూర్యోదయమైన కాసేపటికే ద్వాదశి వెళ్లిపోతుంది, అప్పుడు తెల్లవారగానే పారణ ముగించాలి. అంబరీషుడికి వచ్చిన ఇబ్బంది ఇదే. ద్వాదశి దాటిపోతోంది, భోజనానికి పిలిచిన దుర్వాసుడు స్నానానికి వెళ్లి ఇంకా రాలేదు. అతిథిని వదిలి తినలేక, తిథిని దాటించలేక ఆయన నీళ్లు మాత్రం పుచ్చుకుని వ్రతం నిలుపుకున్నాడు. తిథి వేళ మీద మన పెద్దలకు ఎంత పట్టింపో ఆ కథలో తెలుస్తుంది. అయితే ఆ వేళ ఏటేటా మారుతుంది, సూర్యోదయాన్ని బట్టి ఊరూరికీ మారుతుంది. స్మార్తులకూ వైష్ణవులకూ ఒక్కోసారి ఏకాదశే ఒకరోజు తేడాతో వస్తుంది. కాబట్టి ప్రకటనలో తేదీ, గడియారపు వేళ పెట్టలేదు. ‘ద్వాదశి ఉండగానే’ అని మాత్రం రాసి, అసలు వేళను గుడి ముందు పలక మీద సుద్దముక్కతో రాయమన్నాను.

ఇక ఆరోగ్యం. నేను ఎక్కువ సేపు కూర్చున్నది దీని మీదే. మామూలుగా ఇలాంటి ప్రకటనల చివర ‘అనారోగ్యంతో ఉన్నవారు వైద్యుల సలహా మేరకు ఉపవాసం ఆచరించగలరు’ అన్న ఒక వాక్యం వేసేస్తారు. ఆ వాక్యం ఎవరి చెవికీ తగలదు. ఇరవై ఏళ్లుగా షుగరు మాత్రలు మింగుతున్న మనిషి తనను ‘అనారోగ్యంతో ఉన్నవారి’లో లెక్కవేసుకోడు. ‘నాకేం, చక్కగా తిరుగుతున్నాను’ అనుకుంటాడు. జబ్బు పేరో మందు పేరో చెబితేనే తల తిప్పి వింటాడు.

నాకు తెలిసిన డాక్టరు గారిని అడిగితే ఆమె మొట్టమొదట చెప్పింది షుగరు గురించే. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటి మందులు మనం తిన్నా తినకపోయినా రక్తంలో చక్కెరను తగ్గిస్తూనే ఉంటాయి. తిండి లేని రోజు అవి అలవాటు ప్రకారం పడితే చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా దిగిపోవచ్చు. ముందు చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, తర్వాత తికమక, ఇంకా దిగితే స్పృహ తప్పడం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ ప్రమాదం బాగా తక్కువ. మరికొన్ని మాత్రలు చక్కెరను మూత్రంలో పంపేస్తాయి. వాటితో చక్కెర మరీ దిగిపోవడం అరుదు గానీ, నీళ్లూ తిండీ బాగా తగ్గితే ఒంట్లో నీరు ఇంకిపోవడం, రక్తంలో ఆమ్లాలు పెరగడం వంటి ఇబ్బందులున్నాయి. బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వేసుకునేవాళ్లూ నీళ్లు తాగకపోతే లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవచ్చు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లకు ఎంత నీరు, ఏ పండు అన్నది కూడా కొలతే. ఇన్ని తేడాలుంటే మైకులో మోతాదు చెప్పడం అసాధ్యం. చెప్పగలిగింది ‘ముందుగా డాక్టర్ని అడగండి’ అని మాత్రమే. ఎవరు అడగాలో మాత్రం పేరు పెట్టి చెప్పాలి.

మందుల గురించి శాస్త్రం ఏమంటుందో కూడా చెబితే బాగుంటుందని స్వామి అన్నారు. వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది అని మహాభారతం ఉద్యోగపర్వంలో ఒక శ్లోకం ఉంది. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం. ఎనిమిదోది ఔషధం. ఇది వింటూనే నాకు ప్రాణం లేచి వచ్చింది. మాత్ర మింగితే ఉపవాసం చెడుతుందేమోనని ఆ రోజుకు మందులు మానేసే పెద్దవాళ్లను ఎంతోమందిని చూశాను. డాక్టరు చెబితే వినరు, శాస్త్రం చెబితే వింటారు. వెంటనే ‘ఔషధం వ్రతానికి భంగం కాదు, మందులు మానకండి’ అని రాసుకున్నాను.

దాన్ని ఫోనులో మా పెద్దమ్మకు చదివి వినిపించాను. ఆమెకు డెబ్బై దాటాయి, షుగరు ఉంది, ఏకాదశి తప్పదు. అంతా విని, ‘బాగుంది నాన్నా. మందు వేసుకోవచ్చన్నావుగా. అయితే పొద్దున్నే షుగరు మాత్ర వేసుకుని రాత్రి దాకా మంచినీళ్లతో ఉంటాను, ఇంక ఏ దోషమూ లేదు’ అంది.

ఆమె సరిగ్గానే విన్నది. ఆ వాక్యానికి అర్థం అదే. ఆమె వాడేది గ్లిమెపిరైడ్. ఉపవాసం రోజున అన్నిటికన్నా అపాయకరమైన పని ఏదో, శాస్త్ర ప్రమాణంతో సహా ఆ పనికే ఆమెకు అనుమతి దొరికింది. మాత్ర మానేస్తే ఒక చిక్కు, మాత్ర వేసుకుని తినకపోతే అంతకన్నా తొందరగా వచ్చే చిక్కు. ఈ రెండు గోతుల మధ్య నడిచే దారిని పది పన్నెండు అక్షరాల్లో చెప్పాలి. డాక్టరు గారూ నేనూ ఫోనులో వాక్యం అటూ ఇటూ మార్చి చూసుకున్నాం. ‘తిండితో వేసుకోవాల్సిన మందులు’ అంటే ఏవో తెలియదు. ‘మోతాదు సరిచేసుకోండి’ అంటే సొంతంగా సగం విరిచి వేసుకుంటారు. చివరికి రెండు చిన్న ఆజ్ఞలుగా విడగొట్టాం: షుగరు మాత్ర వేసుకుని పస్తుండకండి, మీరే దాన్ని మానకండి. రెండూ కలిపి వింటే మిగిలేది ఒకటే దారి, డాక్టర్ని అడగడం. అది అంతకుముందు వాక్యంలోనే ఉంది. శాస్త్రం మాట ఆ రెండిటి తర్వాత వస్తుంది. ముందు పెడితే పెద్దమ్మ విన్నట్టే వినిపిస్తుంది.

లక్షణాల్లో ‘కళ్లు తిరగడం’ అని మొదట రాసుకున్నదాన్ని డాక్టరు గారు తీయించారు. కడుపు ఖాళీగా ఉంటే కళ్లు తిరగడం మామూలేనని అందరూ సర్దుకుపోతారు. చల్లని చెమట, వణుకు, గుండెదడ మాత్రం అలా సర్దుకుపోయేవి కావు. అప్పుడు ఏం తాగాలి? పాలు, పండ్లు నిదానంగా పనిచేస్తాయి. పంచదార నీళ్లు తొందరగా పనిచేస్తాయి. మూడు చిన్న చెంచాల పంచదార, అంటే సుమారు 15 గ్రాములు. 15 నిమిషాలకు తగ్గకపోతే మళ్లీ అంతే, తగ్గాక మామూలు భోజనం. ఇంట్లో చక్కెర చూసే యంత్రం ఉంటే లక్షణాలు లేకపోయినా 70 కన్నా దిగిందంటే ఉపవాసం ముగించాల్సిందే. 300 దాటినా ముగించి డాక్టరును కలవాలి. ఇవేవీ ప్రకటనలో పట్టలేదు. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నదీ పట్టలేదు. ఆ నాలుగు ముక్కలు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, ప్రసాదం ఇచ్చే చోట అంటించాం.

మైకులో వేసి చూసినప్పుడు మరో సంగతి బయటపడింది. నియమాల్లో ‘అన్నం, గోధుమలు, పప్పులు మానండి’ అని ఉంది, మందుల దగ్గర ‘మానకండి’ అని ఉంది. మండపంలో శబ్దం ప్రతిధ్వనిస్తుంటే ‘మానండి’కీ ‘మానకండి’కీ మధ్య ఉన్న ఆ ఒక్క అక్షరం వెనక నిలబడ్డవాళ్లకు వినపడలేదు. కాగితం మీద ఇది ఎప్పటికీ తెలిసేది కాదు. మొదటి చోట ‘వద్దు’ అని మార్చాం. మందుల వాక్యం దగ్గర చదివే అమ్మాయిని ‘మానకండి’ అన్న మాటకు ముందు ఒక క్షణం ఆగమన్నాను.

చివరికి నిలిచిన పాఠం ఇది:

‘తొలి ఏకాదశి నాడు మనసును శ్రీహరి మీద నిలపడానికే ఉపవాసం. అన్నం, గోధుమలు, పప్పులు వద్దు. పండ్లు, పాలు తీసుకోవచ్చు. నీళ్లు తాగుతూ ఉండండి. మర్నాడు ద్వాదశి ఉండగానే పారణ చేయండి. షుగరు, బీపీ, కిడ్నీ మందులు వాడేవారు, గర్భిణులు ముందుగా డాక్టర్ని అడగండి. షుగరు మాత్ర వేసుకుని పస్తుండకండి. మీరే దాన్ని మానకండి. ఔషధం వ్రతానికి భంగం కాదు. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే వెంటనే పంచదార నీళ్లు తాగండి. ఉపవాసం అక్కడితో ఆపండి.’

మొత్తం 168 అక్షరాలు. ఉద్దేశానికి 27, నియమాలకు 44, మిగతా 97 ఆరోగ్యానికే. దేవుడి పేరున్న ప్రకటనలో డాక్టరు మాటలే ఎక్కువయ్యాయని ఒకరిద్దరు నొచ్చుకున్నారు. ఎనిమిదేళ్లు నిండనివాళ్లకూ, ఎనభై దాటినవాళ్లకూ ఈ నియమం లేదని ధర్మశాస్త్రమే చెప్పిందని స్వామి వాళ్లకు గుర్తు చేశారు. ఒంటి శక్తి చూసుకోమనడం కొత్తగా వచ్చిన మాట కాదని ఆయన చెబితే విన్నారు. ఆ వయసుల లెక్క కూడా ప్రకటనలో చేర్చాలని నాకు చాలా కోరికగా ఉండేది. దానికి చోటు కావాలంటే లక్షణాలు తీసేయాలి. లక్షణాలే ఉంచాను.

ఒకటి మాత్రం కమిటీ వారితో గట్టిగా పట్టుబట్టాను. ఈ ప్రకటన ఏకాదశి నాడు ఉదయం మొదలుపెడితే ‘ముందుగా డాక్టర్ని అడగండి’ అన్న మాటకు విలువ ఉండదు. అప్పటికే మాత్ర మింగి స్నానం చేసి గుడికి వచ్చేసి ఉంటారు. అందుకే సప్తమి నుంచే రోజూ సాయంత్రం వేయమన్నాను. ఏకాదశి నాడు వేసేటప్పుడు ఆ వాక్యం బదులు ‘అడగనివారు ఈసారికి పలహారం మానకండి’ అని వేరే ముక్క చదివించాం. ఇందులోనూ ‘మానకండి’ ఉంది కాబట్టి అక్కడ కూడా ఆ అమ్మాయి ఆగి చదివింది. పెద్దమ్మ దశమికి ముందే తన డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన మాత్ర మార్చి, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం పాలు, పండు తీసుకుంటూ ఉండమన్నారు. సగ్గుబియ్యం పాయసం మాత్రం వద్దన్నారు, అది ధాన్యం కాకపోయినా దాదాపు అంతా పిండిపదార్థమే, చక్కెరను ఎగదోస్తుంది.

వైకుంఠ ఏకాదశికి ఇదే పాఠం మళ్లీ వాడుకోవచ్చు. మొదటి మాట మారిస్తే చాలు, అయితే తెల్లవారుజామున ఉత్తర ద్వారం దగ్గర చలిలో చాలాసేపు నిలబడతారు కాబట్టి పెద్దవాళ్లకు కూర్చునే చోటు ఎక్కడుందో ఒక ముక్క కలపాలి. శివరాత్రికి మాత్రం ఇది పనికిరాదు. అక్కడ జాగరణే ముఖ్యం, పారణ లెక్క వేరు, రాత్రి వేసుకునే మందుల సంగతి వేరు. దానికి మళ్లీ డాక్టరు గారితోనూ స్వామితోనూ కూర్చుని కొత్తగా రాయాలి.